నాలుగు ముక్కల్లో నేను

ఖమ్మం నుంచి వచ్చి మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్న ఓ అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్ బయో రాసుకుంటోందనుకుందాం. మొదట ఇలా వస్తుంది: ‘నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఇంజనీరుగా పనిచేయుచున్నాను. క్రీడలు నా అభిరుచి.’ తప్పేమీ లేదు. కానీ ఆమె ఇలా మాట్లాడదు.

నగరంలో మన మాట నడిచే తీరు వేరు. పేర్లు, పనుల పదాలు ఇంగ్లిష్‌వి. క్రియ, విభక్తి తెలుగువి. ఆ పద్ధతిలోనే రాస్తే ప్రాణం వస్తుంది:

‘ఊరు ఖమ్మం. ఆఫీసు మాదాపూర్‌లో. బ్యాంకు యాప్‌ల టెస్టింగ్ చేస్తుంటా. వీకెండ్ వస్తే షటిల్ కోర్టులోనే దొరుకుతా.’

‘టెస్టింగ్’ను ‘పరీక్షించడం’ చేస్తే ఏ పనో అర్థం కాదు. ‘చేస్తుంటా’ తీసేసి ఇంగ్లిష్ క్రియ పెడితే ఆమె గొంతే మాయమవుతుంది. ఒక వాక్యం పూర్తిగా ఇంగ్లిష్‌లో, తర్వాతిది గ్రాంథికంలో ఉంటే ఇద్దరు రాసినట్టుంటుంది. పైకి చదివితే ఆ అతుకు ఇట్టే తెలిసిపోతుంది.

చోటు సంగతీ చూసుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్ బయోకు 150 క్యారెక్టర్లే హద్దు. తెలుగులో గుణింతం, వత్తు విడిగా లెక్కకొస్తాయి: ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరమే, యూనికోడ్‌లో మాత్రం ఆరు. పై నాలుగు వాక్యాలూ 110 లోపే సర్దుకున్నాయి.

లింక్డిన్‌లో మాత్రం హోదాను QA Engineer అని ఇంగ్లిష్ లిపిలోనే ఉంచాలి. ఉద్యోగాలిచ్చేవాళ్లు వెతికేది ఆ మాటతోనే. తెలుగు వాక్యాలకు కింద About భాగంలో బోలెడు చోటుంది.