పడితే కొనాలా, పెరిగితే కొనాలా?

2020 ఫిబ్రవరి 28, శుక్రవారం. నిఫ్టీ 11,201 దగ్గర ముగిసింది. దాని ఇరవై రోజుల సగటు సుమారు 11,900. ధర సగటుకు ఇంత దూరం పోతే మళ్లీ దగ్గరికి వస్తుందని నమ్మేవాళ్లకు అది కొనే సమయం. దీన్నే మీన్ రివర్షన్ అంటారు. పడుతున్నది ఇంకా పడుతుంది, పెరుగుతున్నది ఇంకా పెరుగుతుంది అనేది మొమెంటం. ఆ లెక్కన అప్పుడు కొనకూడదు. మార్చి 23న నిఫ్టీ 7,610కి చేరింది.

అలాగని మీన్ రివర్షన్ తప్పుడు పద్ధతేమీ కాదు. ఎవరో పెద్ద ఫండ్ డబ్బు అవసరమై ఒక షేరును హడావుడిగా అమ్మిందనుకోండి. కంపెనీలో మార్పేమీ లేదు కాబట్టి ఆ ఒత్తిడి తీరగానే ధర తేరుకుంటుంది. కరోనా అలాంటిది కాదు. అది రోజురోజుకూ కొత్త కబురు తెచ్చింది, కొత్త అమ్మకందారులను తెచ్చింది. కబురు మార్కెట్లోకి మెల్లగా ఇంకే రోజుల్లో మొమెంటందే పైచేయి. కాబట్టి ముందుగా అడగాల్సింది ఎంత పడిందని కాదు, ఎందుకు పడిందని.

కారణం తేలనప్పుడు ట్రేడర్లు చేసే లెక్క ఒకటుంది. రోజువారీ కదలికలకు ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతే, ఒడిదుడుకు రోజుల సంఖ్యతో కాక దాని వర్గమూలంతో పెరుగుతుంది. రోజుకు సగటున 1 శాతం ఊగే షేరు 25 రోజుల్లో 5 శాతం దాకా ఊగాలి. పాత ధరలు తీసి చూస్తే అది 8 శాతం వచ్చిందా? అడుగులన్నీ ఒకే దిక్కుకు పడుతున్నాయి, అది మొమెంటం. 3 శాతమేనా? ఈరోజు పెరిగింది రేపు తరుగుతోంది, అక్కడ మీన్ రివర్షన్ పనిచేస్తుంది. సరిగ్గా ఐదు దగ్గరే ఉంటే రెండూ దండగే, బ్రోకరేజీ మాత్రం మిగులుతుంది.

ఈ లెక్కకు ఒక లోటుంది. నమ్మదగిన జవాబు రావాలంటే చాలా నెలల ధరలు కావాలి, ఈలోగా మార్కెట్ స్వభావం మారిపోవచ్చు. పైగా ఒకే షేరు కొద్ది రోజుల కొలతలో వెనక్కి తిరుగుతూ, నెలల కొలతలో ఒకే దారిన పోవచ్చు. జెగదీష్, టిట్మన్ 1993లో అమెరికా షేర్లలో చూపించిన మొమెంటం 3 నుంచి 12 నెలల కాలానిదే.

నష్టం వచ్చే తీరు కూడా వేరు. మొమెంటంలో చిన్న నష్టాలు తరచూ వస్తాయి, అప్పుడప్పుడొక పెద్ద లాభం వాటిని పూడుస్తుంది. మీన్ రివర్షన్‌లో చిన్న లాభాలు వరసగా వచ్చి, ఒక్క మార్చి నెల అన్నిటినీ ఊడ్చేస్తుంది. ఫిబ్రవరి 28న సొంత డబ్బుతో కొని ఓపిక పట్టినవాళ్లకు జూలైలో ఆ ధర మళ్లీ కనిపించింది. ఫ్యూచర్స్‌లో కొని, రోజూ మార్జిన్ కట్టలేకపోయినవాళ్లు అప్పటిదాకా నిలవలేదు.