చిల్లర లేనివాడి వేలంపాట

ఒకసారి అంగడి కథతో ఒక బోర్డు ఆట తయారుచేశాను. కొట్లు వేలానికి వస్తాయి. పాడుకున్నవాళ్లకు ప్రతి చుట్టులోనూ ఆదాయం. మూడో చుట్టుకల్లా ఆట చచ్చింది. మొదటి కొట్టు దక్కినవాడు ఆ రాబడితోనే రెండోదీ, మూడోదీ కొట్టేశాడు. మిగతావాళ్లు ఫోన్లు తీశారు. కాగితం మీద లెక్క చూస్తే జబ్బు తెలిసింది. ప్రతి పాటా రెండో డబ్బున్నవాడి మొత్తానికి ఒక్క రూపాయి పైన ఆగుతోంది. అంటే ఎవరు గెలుస్తారో పాట మొదలవకముందే తేలిపోయింది.

దీనికి మందు రైనర్ క్నిజియా అనే జర్మన్ రూపకర్త 1995లో తెచ్చిన ‘హై సొసైటీ’లో దొరికింది. అందులో ఆదాయం లేదు. అందరికీ ఒకే పదకొండు నోట్లు: 1, 2, 3, 4, 6, 8, 10, 12, 15, 20, 25 వేలు. పాట పెంచాలంటే ముందు పెట్టిన నోట్ల మీద ఇంకోటి వేయాలి. పెట్టింది మార్చుకోవడానికి లేదు, చిల్లర ఇచ్చేవాడూ లేడు. పాట వదిలేస్తే మాత్రం అన్నీ వెనక్కి వస్తాయి.

ఆట సగంలో 9 విలువ ఉన్న కార్డు వచ్చిందనుకుందాం. తమ్ముడు 10 పెట్టాడు. అక్క 12 అంది. తమ్ముడి చేతిలో ఇంకా 2, 20, 25 ఉన్నాయి. 2 వేస్తే 12 అవుతుంది, అక్కను దాటదు. ఆ పైన దిగువ పాటే 30. జేబులో మొత్తం 57 వేలున్నా, 13 అనడానికి దారి లేదు. మొదట్లో 1, 3, 4 నోట్లు ఊరికే పారేసుకున్న ఫలితం ఇది. చిన్న నోటుకు ఇంత విలువ ఇచ్చిన ఆట నేను ఇంకోటి చూడలేదు.

అయినా ఎవరో ఒకరు తెగించి అన్నీ కొనేయొచ్చు కదా? చివర్లో ఎవరి చేతిలో తక్కువ డబ్బు మిగిలితే వాళ్లు ఎన్ని మంచి కార్డులున్నా లెక్కలోకి రారు. పైగా ఆట ఎప్పుడు ముగుస్తుందో తెలీదు. కట్టలో ప్రత్యేక గుర్తున్న కార్డులు నాలుగు, నాలుగోది తిప్పగానే ఆఖరు. దాన్ని వేలం కూడా వేయరు. అందుకే చివరి పాటల్లో అందరి కళ్లూ పక్కవాడి చేతిలో ఎన్ని నోట్లున్నాయన్న దాని మీదే.

కొత్తవాళ్లకు ఈ వేటు నియమం ముందే రెండుసార్లు చెప్పాలి. లేకపోతే ఎక్కువ కార్డులు గెలిచి కూడా ఓడినవాడు అలిగి లేచిపోతాడు.

ఆదాయం వచ్చే నా ఆటకు ఇది అతకలేదు. క్నిజియాదే ‘రా’ అనే మరో ఆట నుంచి ఎత్తుకున్నాను. డబ్బుకు బదులు అంకెల బిళ్లలు. 13 పెట్టి కొట్టు గెలిచినవాడు మధ్యలో పడి ఉన్న 2 తీసుకుంటాడు, వచ్చే చుట్టుకు వాడి చేతిలో ఉండేది అదే. వాడి 13 మధ్యలోకి వెళ్లి, తర్వాతి వేలం గెలిచినవాడి కోసం ఎదురుచూస్తుంటుంది.