కామా ఏది, చుక్క ఏది?

మన బిల్లులో ₹1,23,456.50 అని ఉంటే కామాలు లక్షలు, వేలను విడదీస్తాయి. చుక్క తర్వాతవి పైసలు. జర్మనీ ఇన్వాయిస్‌లో ఇది తిరగబడుతుంది. అక్కడ 1.234,56 € అంటే 1,234 యూరోల 56 సెంట్లు. అలవాటు కొద్దీ కామా తీసేస్తే 1.23456 మిగులుతుంది. మొత్తం వెయ్యో వంతుకు పడిపోయినా ఎక్సెల్ ఎర్రర్ చూపదు.

అందుకే ముందు € తీసేసి, దశాంశానికి కామా, వేలకు చుక్క అని ఎక్సెల్‌కు విడిగా చెప్పాలి:

```
=NUMBERVALUE(SUBSTITUTE(A2,"€",""),",",".")
```

A2లోని మొత్తం 1234.56 అవుతుంది.

రెండు గుర్తులూ ఉంటే చివరిదే దశాంశం. ఒట్టి 1.234 అని ఉంటే మాత్రం దాన్నొక్కదాన్నే చూసి తేల్చలేం. అదే కాలమ్‌లోని మిగతా వరుసలు చూడాలి, లేదా పంపినవారిని అడగాలి. అన్నీ మార్చాక SUM వేసి, ఇన్వాయిస్ చివర ఉన్న మొత్తంతో సరిచూసుకోవాలి.