మేనేజరుకు ఒక పేజీ మెయిల్: ఒత్తిడి చెప్పుకోవడం, ఆరు వారాల ఊరట అడగడం

‘చాలా ఒత్తిడిగా ఉంది, కొంచెం పని తగ్గించండి’ అని రెండు ముక్కల్లో మెయిల్ పెడితే దాదాపు ప్రతి ఆఫీసులోనూ వచ్చే జవాబు ఒక్కటే: ‘చూద్దాం’. మేనేజరు మనసు లేనివాడు కావడం వల్లే ఇలా జరుగుతుందని అనుకోనక్కర్లేదు. ఆ మెయిల్‌లో ఆయన చేయగలిగిన పని ఏదీ ఉండదు. ఏ పని తగ్గించాలి, ఎన్నాళ్లు తగ్గించాలి, దాన్ని ఎవరికి ఇవ్వాలి, క్లయింటుకు ఏం చెప్పాలి అన్నవన్నీ ఆయనే తేల్చుకోవాలి. ఆయన మీదా ఒక పై అధికారి ఉంటాడు. తేల్చుకునే తీరిక దొరికేలోపు ఇంకో నెల గడిచిపోతుంది.

ఒత్తిడి గురించి రాయడానికి చాలామంది వెనకాడేది తమను చేతకానివాళ్లుగా చూస్తారన్న భయంతో. ఈ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట పనికొస్తుంది. ఆ సంస్థ వ్యాధుల వర్గీకరణ పట్టిక ఐసీడీ-11లో ‘బర్నౌట్’ను జబ్బుగా చూపలేదు. పనిచోట ఎంతకీ తగ్గని ఒత్తిడిని సరిగా సంభాళించనప్పుడు ఏర్పడే స్థితిగా చెప్పింది. దానికి మూడు లక్షణాలు ఇచ్చింది. ఒంట్లో శక్తి హరించుకుపోవడం మొదటిది, పని మీద విముఖత కలగడం రెండోది, చేసే పనిలో పస తగ్గడం మూడోది. అంటే లోపం వెతకాల్సింది మనిషి స్వభావంలో కాదు, పని అమరికలో. మెయిల్ కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి.

పని అమరికలో ఎక్కడ బిగుసుకుందో చూడటానికి బ్రిటన్‌లోని ఆరోగ్య, భద్రతా సంస్థ హెచ్‌ఎస్‌ఈ ఆరు అంశాలు సూచించింది: పని భారం, పని మీద మన అదుపు, అందే సాయం, తోటివారితో సంబంధాలు, మన బాధ్యత ఏమిటన్న స్పష్టత, మార్పులను నడిపే తీరు. రాయబోయే ముందు ఈ ఆరింటిలో నొప్పి ఎక్కడుందో తేల్చుకోవాలి. అసలు బాధ ప్రతి చిన్నదానికీ అనుమతి అడగాల్సి రావడమైతే పని తగ్గించినా ఊరట రాదు. ఇద్దరు బాసులు రెండు వేర్వేరు మాటలు చెప్పడమే బాధ అయితే అడగాల్సింది స్పష్టత, తక్కువ పని కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. గచ్చిబౌలిలోని ఓ ఐటీ కంపెనీ ప్రొడక్షన్ సపోర్ట్ టీమ్‌లో నలుగురు ఇంజనీర్లు ఉన్నారనుకోండి. రాత్రి కాల్స్ చూసే ‘ఆన్-కాల్’ వారానికి ఒకరి వంతు. ఒకరు మానేశారు, కొత్తవారు రాలేదు. నాలుగు వారాలకోసారి వచ్చే వంతు మూడు వారాలకోసారి వస్తోంది. మిగిలిన ముగ్గురిలో ఒకామెకు దీంతోపాటు కొత్త క్లయింటు మైగ్రేషన్, శుక్రవారం రిపోర్టు, ఇద్దరు ఫ్రెషర్లకు శిక్షణ కూడా ఉన్నాయి. తెల్లవారుజామున మూడింటికి సర్వర్ పడిపోయిందని ఫోన్ వస్తుంది, పొద్దున పదింటికి స్టాండప్ మీటింగ్. ఆన్-కాల్ లేని వారాల్లోనూ ఆమెకు నిద్ర పట్టడం లేదు.

మెయిల్ రాయడానికి ముందు ఆమె రెండు వారాలపాటు ఒక చిన్న లెక్క రాసుకోవాలి: ఏ రాత్రి ఎన్ని కాల్స్ వచ్చాయి, ఏ పని ఎన్ని గంటలు పట్టింది, ఏది తిరగరాయాల్సి వచ్చింది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం, గుండెజబ్బు ముప్పు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో చెప్పాయి. ఆమె లెక్క ఆ అంకె దగ్గరికి చేరితే తన కోసం గుర్తుంచుకోవాల్సిందే. మెయిల్‌లో మాత్రం ఇలాంటి అధ్యయనాలు అక్కర్లేదు. మేనేజరును కదిలించేది ఆయన టీమ్ లెక్కే.

ఆ లెక్క చేతికొచ్చాక ఆమె రాసే మెయిల్ తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

‘నమస్కారం సర్. నిన్న మాట్లాడుకున్నది రాతలో పెడుతున్నాను. టీమ్ ముగ్గురికి తగ్గినప్పటి నుంచి నా ఆన్-కాల్ వారాల్లో రాత్రి ఒంటిగంట తర్వాత మూడు నాలుగు సార్లు లేవాల్సి వస్తోంది. నిద్ర దెబ్బతింది. గత నెలలో నేను పంపిన రెండు చేంజ్ రిక్వెస్టుల్లో తప్పులు దొర్లి తిరగరాశాను. ఇంతకుముందు నాకు ఇలా జరగలేదు. వచ్చే సోమవారం నుంచి ఆరు వారాలు నన్ను ఆన్-కాల్ నుంచి తప్పించమని కోరుతున్నాను. ఈ వ్యవధిలో నాకు వచ్చేవి రెండు వంతులు. మిగతా ఇద్దరితో మాట్లాడాను, చెరొకటి తీసుకోవడానికి ఒప్పుకున్నారు. బదులుగా వాళ్లు రాత్రి లేచిన మర్నాడు మధ్యాహ్నం దాకా వాళ్ల టికెట్లు నేను చూస్తాను. శుక్రవారం రిపోర్టు ఫ్రెషర్‌కు నేర్పి అప్పగిస్తాను. మైగ్రేషన్ తేదీలు మారవు, అది నా దగ్గరే ఉంటుంది. మూడో వారం చివర ఒకసారి కూర్చుని చూద్దాం.’

ఈ మెయిల్‌కు బలం ఆ ‘రెండు వంతులు’ అన్న మాటలో ఉంది. ‘పని తగ్గించండి’ అన్నప్పుడు కొండంతగా కనిపించిన కోరిక లెక్క వేస్తే రెండు వారాల రాత్రి డ్యూటీ. ఏది వదలదో ఆమె ముందే చెప్పింది కాబట్టి మేనేజరు క్లయింటుకు సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. గడువు కూడా రాసింది కనుక ఇది శాశ్వతమైపోతుందన్న గుబులు ఆయనకు ఉండదు. దీన్ని ఒక్క ముక్క మార్చకుండా ఆయన తన పైవాళ్లకు పంపుకోవచ్చు. ఇలాంటి మెయిల్స్ ఎలాగూ అక్కడికి చేరతాయి.

అలా చేరతాయి కనుకే ఇందులో డాక్టరు రాసిన మందుల పేర్లు, ఇంటి గొడవలు, ‘ఫలానావాళ్లు ఖాళీగా కూర్చుంటున్నారు’ లాంటి పోలికలు రాయకూడదు. ఆరోగ్య వివరం అవసరమైతే డాక్టరు సర్టిఫికెట్‌ను హెచ్‌ఆర్‌కు విడిగా ఇవ్వడం మంచిది. మెయిల్ కంటే ముందు ముఖాముఖి మాట్లాడటమూ ముఖ్యమే, అదీ రిలీజ్ రోజు కాకుండా. ముందస్తు మాట లేకుండా ఊడిపడ్డ మెయిల్‌ను చాలామంది మేనేజర్లు ఫిర్యాదుగానే చదువుతారు.

‘సరే’ అన్న జవాబు వచ్చాకే అసలు చిక్కు ఎదురవుతుంది. రోస్టర్‌లో పేరు పోతుంది, ఫోన్ మాత్రం మోగుతూనే ఉంటుంది. ‘ఒక్క నిమిషం, నీకైతే తెలుసు కదా’ అంటూ రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. అందుకే పాత లెక్క పుస్తకాన్ని ఆరు వారాలూ కొనసాగించాలి. రెండో వారం చివరికి రాత్రి కాల్స్ సగం కూడా తగ్గకపోతే ఊరట కాగితం మీదే ఉందని అర్థం. అప్పుడు మూడో వారం దాకా ఆగకుండా చెప్పాలి. తనకు మాత్రమే తెలిసిన పనుల మీద రెండు పేజీల సూచనలు రాసి టీమ్ ఫోల్డర్‌లో పెడితే ఇలాంటి ఫోన్లు చాలావరకు ఆగుతాయి.

‘కుదరదు’ అంటే? అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇది: ‘ఈ నాలుగింటిలో ఏది ఆలస్యమైనా పర్వాలేదో చెప్పండి.’ ఆ జవాబును చిన్న మెయిల్‌లో తిరిగి రాసి పంపాలి. అన్నీ ముఖ్యమే అన్నారంటే విషయం హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లాల్సిందే. మన చట్టాల్లో ఒత్తిడి ఒక్కదాన్నే చూపి తేలిక పనిని హక్కుగా అడిగే వీలు ప్రైవేటు ఉద్యోగికి పెద్దగా లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధిని గుర్తించినా, ఉద్యోగంలో తగిన వెసులుబాటు ఇవ్వాలన్న దాని 20వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలను ఉద్దేశించినది. కాబట్టి ప్రైవేటు ఆఫీసులో ఎక్కువ నడిచేది కంపెనీ సెలవుల విధానం, డాక్టరు సలహా, ఇలా రాసుకున్న కాగితాలే. నిద్రలేమి వారాల తరబడి సాగినా, బతుకు మీద ఆశ పోతున్నట్టు అనిపించినా మేనేజరు జవాబు కోసం ఎదురుచూడకూడదు. కేంద్రం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

అన్నీ అనుకున్నట్టే సాగితే ఆరో వారంలో ఆమె ఇంకో చిన్న మెయిల్ పెడుతుంది. ఏడో వారం నుంచి మళ్లీ ఆన్-కాల్‌లోకి వస్తానని, మొదటి వంతు మాత్రం వారమంతా కాకుండా శుక్ర, శని, ఆదివారాలకు ఇవ్వమని అడుగుతుంది. నాలుగో మనిషి నియామకం ఎక్కడిదాకా వచ్చిందో కూడా అదే మెయిల్‌లో అడగాలి. ఆ ఖాళీ నిండకపోతే మూడు నెలల్లో ఇలాంటి మెయిల్ రాసేది మిగతా ఇద్దరిలో ఒకరు.