తలుపు ఏ ఫ్రేములో మోగాలి?

తెర మీద తన్ను, చెవిలో చప్పుడు కలిసి పడాలంటే ఏం చేయాలి? పద్నాలుగు సెకన్ల సీను చెప్పిన పాఠం.

నాలుగో సెకను పూర్తవగానే హీరో తలుపు తంతాడు. తొమ్మిదో సెకను దగ్గర బల్ల మీది గాజుగ్లాసు కిందపడి పగులుతుంది. పద్నాలుగో సెకనుకి కుర్చీలోని విలన్ మెల్లగా తలెత్తుతాడు. ఒక్క మాట లేదు. ఓ షార్ట్ ఫిల్మ్‌లోని ఈ సీనుకి ఆర్ఆర్, ఎఫెక్ట్స్ కూర్చే పని నాకు పడింది. ఆర్ఆర్ అంటే రీరికార్డింగ్. నేపథ్య సంగీతానికి మన సినిమావాళ్ల వాడుకమాట అదే.

మొదట సీను మూడ్ చూసి గంభీరంగా ఉన్న వయొలిన్ల ట్రాక్ ఎంచుకున్నాను. వినడానికి బాగుంది కానీ తన్ను పడిన చోట ఏమీ తెలియలేదు. ఎడతెరిపి లేకుండా మోగే సంగీతంలో దెబ్బకి చోటెక్కడిది? డప్పు దరువు, దరువుకీ దరువుకీ మధ్య ఖాళీ ఉన్న ట్రాక్‌కి మారాను.

సమం కుదిర్చే లెక్క

సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. సంగీతం నిమిషానికి 120 దెబ్బల వేగంతో నడిస్తే, ఒక్కో దెబ్బకి 12 ఫ్రేములు. నాలుగు సెకన్లకి ఎనిమిది దెబ్బలవుతాయి. నాలుగేసి దెబ్బలు ఒక ఆవర్తం అనుకుంటే, రెండు ఆవర్తాలు ముగిసి తన్ను సరిగ్గా సమం మీద పడుతుంది. పద్నాలుగు సెకన్లకి 28 దెబ్బలు, ఏడు ఆవర్తాలు. విలన్ చూపు కూడా సమం మీదే. గ్లాసు మాత్రం 18 దెబ్బల దగ్గర, ఆవర్తం నడుమ చిక్కుకుంది.

దాన్నలాగే వదిలేశాను. కదిలిన ప్రతిదానికీ డప్పు కొడితే సీను కార్టూన్ అయిపోతుంది. ఈ పద్ధతిని హాలీవుడ్‌లో మిక్కీమౌసింగ్ అంటారు. గ్లాసు చప్పుడు ఎఫెక్ట్స్‌ది. తలెత్తడానికి చప్పుడే ఉండదు కాబట్టి అది సంగీతానిది. ఇక తలుపు దగ్గర ఇద్దరికీ పోటీ. అక్కడ తన్నుకి 12 ఫ్రేముల ముందే డప్పు ఆపేశాను. ఆ అర సెకను నిశ్శబ్దం తర్వాత పడ్డ దెబ్బ, శబ్దం పెంచకుండానే పెద్దదైంది.

అంతా కుదిరిందనుకుంటే, ఎడిటర్ తన్నుకి ముందు ఏడు ఫ్రేములు పెంచాడు. 96 ఫ్రేముల్లో పట్టిన ఎనిమిది దెబ్బలూ ఇప్పుడు 103లో సర్దుకోవాలి. అంతవరకూ వేగాన్ని 120 నుంచి దాదాపు 112కి తగ్గించి, తన్ను తర్వాత మళ్లీ 120కి తెచ్చాను. ఆ తర్వాతి పది సెకన్లూ మారలేదు గనక విలన్ చూపు సమం తప్పలేదు.

ఒక తన్ను, మూడు చప్పుళ్లు

ఎఫెక్ట్స్‌లో తలుపు చప్పుడు ఒకటి కాదు, మూడు. బూటు తగిలిన బరువైన ‘దబ్’, చెక్క చిట్లిన ‘ఫట్’, గొళ్లెం అల్లాడిన గలగల. కచ్చితంగా ఫ్రేము మీద పడాల్సింది మొదటిదే. చెక్క రెండు ఫ్రేములు, గొళ్లెం ఐదు ఫ్రేములు ఆగి వస్తేనే సహజం. మూడూ ఒకేచోట పెడితే ఏదీ విడిగా వినిపించక ముద్దయిపోతాయి.

ఇక్కడే కొత్తవాళ్లు చేసే పొరపాటొకటి ఉంది. ఆడియో ఫైలు మొదలుని ఫ్రేముకి ఆనిస్తారు. ఫైలు మొదట్లో కాస్త నిశ్శబ్దమో, గాలి చీల్చిన ‘హుష్’ శబ్దమో ఉంటుంది. వేవ్‌ఫామ్‌లో నిటారుగా లేచిన చోటు చూసి, దాన్ని ఆనించాలి. చాలాసార్లు కాలు తలుపుకి తాకిన ఫ్రేమే దొరకదు. ఒక ఫ్రేములో కాలు ఇవతల, తర్వాతి దాంట్లో తలుపు అప్పటికే కదిలి ఉంటుంది. అప్పుడు తలుపు కదిలిన ఫ్రేమే లెక్క.

చాకిరేవు న్యాయం

ఇన్ని లెక్కలు వేసి కూడా తప్పులో కాలేశాను. పెద్ద స్పీకర్ల మీద వేసి చూస్తే కాలు తగలకముందే తలుపు మోగుతోంది! ఎడిట్ చేసింది బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో. అందులో శబ్దం సెకనులో పదోవంతుకి పైనే ఆలస్యంగా చేరుతుంది. చెవికి ఆలస్యమైనట్టు తోచిన ప్రతి దెబ్బనీ నాలుగేసి ఫ్రేములు ముందుకి జరిపాను. వైరున్న హెడ్‌ఫోన్ పెట్టుకుని అన్నీ వెనక్కి జరపాల్సి వచ్చింది.

రెండు ఫ్రేముల ఆలస్యాన్ని చాలామంది పట్టుకోరు. అదే రెండు ఫ్రేములు ముందొస్తే ఇట్టే పట్టేస్తారు. చాకిరేవుని దూరం నుంచి చూసినవారికి ఇది తెలిసిందే. బట్ట బండకి తగలడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వస్తుంది. ఒక ఫ్రేము వ్యవధిలో శబ్దం నడిచేది దాదాపు 14 మీటర్లే. థియేటర్లో స్పీకర్లకి 28 మీటర్ల దూరాన కూర్చున్నవారికి ప్రతి దెబ్బా రెండు ఫ్రేములు ఆలస్యమే. అయినా వాళ్లకి తేడా తెలియదు. చప్పుడు వెనకపడటం చెవికి పుట్టుకతో అలవాటు. బట్ట బండని తాకకముందే చప్పుడు వచ్చిన చాకిరేవు మాత్రం ఎక్కడా లేదు.