సగటు లెక్కలో కనిపించని చలి

టీకాలు నిల్వచేసే ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. లోపల ఉంచే 30 రోజుల రికార్డింగ్ పరికరం, వేడి 8 డిగ్రీలు దాటి వరుసగా 10 గంటలు కొనసాగితే హెచ్చరిస్తుంది. చలి మైనస్ 0.5 డిగ్రీలకు లేదా అంతకన్నా కిందికి దిగితే మాత్రం 60 నిమిషాలకే హెచ్చరిస్తుంది.

ఎందుకీ తేడా? హెపటైటిస్-బి, పెంటావాలెంట్ వంటి టీకాలు కాస్త వేడిని కొన్ని గంటలు తట్టుకోగలవు. గడ్డకడితే మాత్రం వాటిలోని అల్యూమినియం లవణపు కణాలు ముద్దకట్టి, టీకా శక్తి తగ్గిపోతుంది. మంచు కరిగినా ఆ శక్తి తిరిగిరాదు.

ఒక రోజులో 22 గంటలు 5 డిగ్రీలు, 2 గంటలు మైనస్ 1 డిగ్రీ ఉందనుకుందాం. సగటు 4.5 డిగ్రీలు వస్తుంది. అంతా సవ్యంగా ఉన్నట్టే! ఉదయం, సాయంత్రం చూసి రాసిన పట్టికలోనూ రెండుసార్లూ 5 డిగ్రీలే ఉండవచ్చు. అందుకే నివేదికలో ముందుగా కనిష్ఠ ఉష్ణోగ్రతను, అది ఎంతసేపు ఉందన్నదాన్ని చూడాలి.

సీసాపై ఉండే వీవీఎం గుర్తు వేడికే రంగు మారుతుంది, గడ్డకట్టడాన్ని చూపదు. అనుమానం వస్తే షేక్ టెస్ట్ చేస్తారు. అదే బ్యాచ్ సీసా ఒకదాన్ని కావాలనే గడ్డకట్టించి, కరిగించి, అనుమానిత సీసాతో కలిపి కుదిపి, రెండింటినీ పక్కపక్కన ఉంచుతారు. అనుమానిత సీసాలోని మడ్డి కూడా అంతే త్వరగా అడుగుకు చేరితే ఆ టీకాను పక్కన పెట్టేస్తారు.