సర్వీస్ మార్కెటింగ్ పరీక్ష: పీపులా, ప్రాసెసా? ఇలా తేల్చేయండి

ఆళ్లగడ్డ శిల్పి చెక్కిన విగ్రహాన్ని చూసి, తాకి కొంటాం. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సు ప్రయాణాన్ని అలా ముందే చూడలేం కదా! అందుకే సేవల కోసం బూమ్స్, బిట్నర్ 1981లో పాత 4 పీలకు పీపుల్, ప్రాసెస్, ఫిజికల్ ఎవిడెన్స్ కలిపారు.

పరీక్షలో ఇలా అడిగారనుకోండి: 'ఓ ట్రావెల్స్ కౌంటర్‌లో క్లర్క్ విసుక్కున్నాడు. ఒక్క టికెట్‌కి రెండు క్యూలు. బస్సులో సీట్లు చిరిగిపోయాయి.' సీట్లు కంటికి కనిపించేవి కాబట్టి ఫిజికల్ ఎవిడెన్స్. ఇది ఈజీనే. మార్కులు పోయేది మొదటి రెండింటి దగ్గర.

ఆ క్లర్క్ స్థానంలో ఓపికున్న మనిషిని కూర్చోబెట్టి చూడండి. విసుగు పోతుంది, అంటే అది పీపుల్. క్యూలు మాత్రం రెండూ అలాగే ఉంటాయి, అది ప్రాసెస్. మరి చేతికొచ్చిన టికెట్? అది ఫిజికల్ ఎవిడెన్సే.